తిరిగే దారంలో టెన్షన్ ఎంత: mg cosθ నా, mg/cosθ నా?

దారానికి చిన్న బరువు కట్టి పై చివర కదలకుండా బిగించాం అనుకోండి. బరువుని పక్కకి లాగి ఊరికే వదిలేస్తే అటూ ఇటూ ఊగుతుంది, అదే వదిలేటప్పుడు సరిగ్గా సరిపడా పక్కకి ఒక తోపు తోస్తే ఒకే ఎత్తులో గుండ్రంగా తిరుగుతుంది, తిరుగుతున్నంతసేపు దారం గాల్లో శంకు గీస్తూ ఉంటుంది. అదే కోనికల్ పెండ్యులం. దారం పొడవు L, అది నిలువుతో చేసే కోణం θ, ఈ రెండూ తెలిస్తే ఒక చుట్టుకి పట్టే టైమ్ వచ్చేస్తుంది, బరువు ఎంతో కూడా తెలిస్తే దారంలో టెన్షన్ వచ్చేస్తుంది. లెక్క రెండు లైన్లే, కానీ ఆ రెండు లైన్లలోనే చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది, నేను ఎక్కువసేపు ఆగాలనుకుంటున్నది అక్కడే.

టెన్షన్‌ని F అందాం, ఎందుకంటే T ని పీరియడ్‌కి ఉంచుకోవాలి. చాలామంది బొమ్మ గీసి, mg ని దారం వెంట ఒక ముక్కగా, దారానికి అడ్డంగా ఇంకో ముక్కగా విడగొట్టి F = mg cosθ అని రాసేస్తారు. ఎక్కడో చూసినట్టే ఉంటుంది, నిజంగా చూసిందే, మామూలు ఊగే పెండ్యులంలో బరువు చివరిదాకా వెళ్లి ఒక్క క్షణం ఆగుతుంది కదా, ఆ క్షణంలో టెన్షన్ సరిగ్గా mg cosθ. కానీ తిరిగే బరువుకి అది తప్పు, ఇక్కడ F = mg/cosθ. అదే దారం, అదే బరువు, అదే కోణం, ఫొటో తీస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అయినా ఒకదాంట్లో టెన్షన్ mg కంటే తక్కువ, ఇంకోదాంట్లో ఎక్కువ.

ఎందుకలా అంటే, బరువు మీద పనిచేసే బలాలు రెండిట్లోనూ అవే, దారం లాగుడు, గ్రావిటీ, అంతే. తేడా అంతా యాక్సిలరేషన్ ఎటువైపు ఉందన్న దాంట్లో ఉంది. ఊగే బరువు చివర ఆగిన క్షణంలో వేగం సున్నా, కాబట్టి దారం వెంట యాక్సిలరేషన్ లేదు, అందుకే దారం వెంట బలాలు బ్యాలెన్స్ అవుతాయి. తిరిగే బరువు పైకీ పోదు కిందకీ రాదు, దాని యాక్సిలరేషన్ మొత్తం అడ్డంగా, సర్కిల్ సెంటర్ వైపు ఉంటుంది, కాబట్టి బ్యాలెన్స్ అయ్యేది నిలువుగా మాత్రమే. దారం వాలుగా లాగుతోంది, అందులో నిలువు ముక్క ఒక్కటే mg మొత్తాన్ని మోయాలి, మరి దారం mg కంటే గట్టిగా లాగక తప్పదు కదా. ఏ దిక్కులో యాక్సిలరేషన్ లేదో ముందు వెతుక్కుని ఆ దిక్కులో బలాలు విడగొడితే ఈ గందరగోళం ఉండదు.

```
నిలువుగా:   F cosθ = mg
అడ్డంగా:    F sinθ = m ω² (L sinθ)
```

రెండో లైన్‌లో ω అంటే బరువు తిరిగే కోణీయ వేగం, 2π/T, సర్కిల్ రేడియస్ L sinθ, దారం పొడవు L కాదు. sinθ రెండువైపులా పోతుంది, F = mω²L మిగులుతుంది. దాన్ని మొదటి లైన్‌లో పెడితే ω² = g/(L cosθ), అంటే

```
T = 2π √(L cosθ / g)
```

ఇందులో m లేదు. L cosθ అంటే బరువు తిరిగే సర్కిల్ పై కొక్కేనికి ఎంత కింద ఉందో ఆ ఎత్తు, దాన్ని h అనండి. పీరియడ్‌కి కావాల్సింది ఆ h ఒక్కటే, అంటే పొడవాటి దారం బాగా వాలి తిరిగినా, పొట్టి దారం కొంచెమే వాలి తిరిగినా, రెండు సర్కిళ్లూ ఒకే లెవెల్‌లో ఉంటే చుట్టు టైమ్ ఒకటే. నాకు ఈ టాపిక్‌లో అన్నిటికంటే నచ్చేది ఇదే. 1659 లో హైగెన్స్ గ్రావిటీ విలువ కొలవడానికి వాడుకున్నది కూడా ఈ కోనికల్ పెండ్యులమే.

ఇప్పుడు నంబర్లు వేద్దాం. L = 1 మీటర్, m = 200 గ్రాములు, θ = 30°, g = 9.8. cos30° = 0.866, కాబట్టి h = 0.866 మీటర్లు, T = 1.87 సెకన్లు. టెన్షన్ 1.96/0.866 = 2.26 న్యూటన్లు. సరిచూసుకోవాలంటే ω = 2π/1.87, అంటే సుమారు 3.36, mω²L వేస్తే మళ్లీ 2.26 వస్తుంది. తప్పు ఫార్ములా వాడి ఉంటే 1.70 వచ్చేది, ఊరికే వేలాడదీసినప్పుడు ఉండే 1.96 కంటే కూడా తక్కువ, ఆ నంబర్ చూడగానే అనుమానం రావాలి. కోణం 60° చేస్తే T 1.42 కి దిగుతుంది, F 3.92 కి, అంటే సరిగ్గా mg కి రెండింతలకి పోతుంది. 90° దగ్గరికి వెళ్లేకొద్దీ టెన్షన్‌కి అంతుండదు, అందుకే ఎంత స్పీడ్‌గా తిప్పినా దారం పూర్తిగా అడ్డంగా ఎప్పటికీ రాదు, ఈలోపు తెగిపోవచ్చు.

టెన్షన్ mg/cosθ అని కళ్లారా చూడాలంటే ఒక దారి ఉంది. అంచు నున్నగా ఉన్న సన్నటి గొట్టంలోంచి దారం దూర్చి, పైన తిరిగే 200 గ్రాముల బరువు, కింద వేలాడే ఇంకో బరువు M కట్టాలి. గొట్టం దగ్గర రాపిడి పెద్దగా లేకపోతే కింది బరువు ఆగి ఉన్నప్పుడు దారంలో టెన్షన్ Mg, అంటే cosθ = m/M. 30° రావాలంటే M 231 గ్రాములు ఉండాలి, mg cosθ నిజమైతే 173 గ్రాములు సరిపోవాలి, కానీ కింద కట్టింది పైదానికంటే తేలికైతే ఏ స్పీడ్‌లోనూ నిలబడదు, పైకి లాగేసుకుంటుంది. ఇక్కడ ఇంకో సంగతి, కోణం రెండు బరువుల నిష్పత్తితోనే ఫిక్స్ అయిపోయింది, స్పీడ్ పెంచినా తగ్గించినా కోణం మారదు, మారేది పైకి వచ్చిన దారం పొడవు.

కొక్కేనికి కట్టి టైమ్ కొలిచేటప్పుడు L ని ముడి దాకా కాదు, బరువు మధ్య దాకా కొలవాలి, 4 సెంటీమీటర్ల గుండైతే ముడి దాకా కొలిస్తే T లో 1 శాతం తప్పు వస్తుంది. కోణాన్ని ప్రొట్రాక్టర్‌తో పట్టుకోవడం కష్టం, కింద కాగితం మీద సర్కిల్ గీసి రేడియస్ r కొలిస్తే sinθ = r/L. 30° దగ్గర కోణంలో 2° తప్పు T ని ఒక్క శాతమే మారుస్తుంది, 80° దగ్గర మాత్రం అదే తప్పు దాదాపు 10 శాతం దాకా పోతుంది, కాబట్టి మరీ వాలుగా తిప్పకండి. తోపు సరిగ్గా పడకపోతే సర్కిల్ బదులు కోడిగుడ్డు ఆకారం వస్తుంది, అప్పుడు బరువు ఒక చుట్టులోనే పైకీ కిందకీ అవుతుంది, మన మొదటి లైనే చెల్లదు, ఆపి మళ్లీ తోయడమే.

గాలి వల్ల ఎలాగూ సర్కిల్ మెల్లగా చిన్నదవుతుంది, అది స్టాప్‌వాచ్‌లోనే తెలుస్తుంది. మొదటి పది చుట్లకి 18.7 సెకన్లు పట్టి, కాసేపాగి మళ్లీ కొలిస్తే 18.9 పట్టిందనుకోండి, T = 1.89 నుంచి వెనక్కి లెక్కేస్తే cosθ = 0.887, కోణం 27.5°, రేడియస్ 50 నుంచి 46 సెంటీమీటర్లకి తగ్గి ఉండాలి. కాగితం మీద 46 దగ్గర ఇంకో సర్కిల్ గీసి ఉంచుకుంటే, బరువు దాని మీదుగా పోతోందో లేదో పైనుంచి చూసి చెప్పొచ్చు.