జాలీలో గుడగుడ, తప్పు డాబా మీద: అపోహలు - వాస్తవాలు

అపోహ: బాత్రూమ్ జాలీలో గుడగుడమంటే పైపు జామైనట్టే. యాసిడ్ పోస్తే పోతుంది.

పోయిన వేసవిలో బెంగళూరు మారతహళ్లిలో ఒక నాలుగంతస్తుల బిల్డింగ్‌కి పిలిచారు. రెండో అంతస్తులో నెల్లూరు కుటుంబం. పై ఇంట్లో ఫ్లష్ కొట్టినప్పుడల్లా వీళ్ల జాలీ గుడగుడమనేది, ఆ వెంటనే కంపు. అప్పటికే మూడుసార్లు యాసిడ్ పోశారు. నేను ఒక బకెట్ నీళ్లు పోసి చూశాను, ఆగకుండా దిగిపోయాయి. జామైన పైపు అలా తాగదు.

జాలీ తీసి, దాని కింద ఉండే వంపులో, అంటే ట్రాప్‌లో నిలిచిన నీళ్లలో పుల్ల ముంచి గుర్తు పెట్టాను. పైన ఫ్లష్ కొట్టించి మళ్లీ ముంచితే నీళ్లు మూడు సెంటీమీటర్లు తగ్గాయి. పైపులోని కంపును ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. ట్రాప్‌లో మామూలుగా ఐదు సెంటీమీటర్ల నీటి అడ్డు ఉండాలి. దానిలో సగానికి పైగా పోయిందన్నమాట.

ఎక్కడికి పోయింది? స్నానం నీళ్లు, లెట్రిన్ నీళ్లు ఒకే నిలువు పైపులో దిగే బిల్డింగ్ అది. ఫ్లష్ నీళ్లు పడుతూ పడుతూ పైపులోని గాలిని కూడా కిందికి లాక్కెళ్తాయి. ఆ ఖాళీలోకి పైనుంచి కొత్త గాలి రావాలి. డాబా మీద తెరుచుకునే ఆ పైదారే వెంట్ పైపు. అది మూసుకుపోతే, పైపు దగ్గర్లో ఉన్న ట్రాప్‌లోంచే గాలి పీలుస్తుంది. నిండు సీసాను బోర్లిస్తే నీళ్లు గుడగుడమంటూ పడతాయి కదా, అదీ గాలి కోసమే. ఇక్కడ ఆ పీల్పుకి ట్రాప్ నీళ్లు కూడా పోతాయి.

అపోహ: వెంట్ పైపు కంపు బయటికి పోవడానికే. డాబా మీద ఇబ్బందిగా ఉంటే మూసేయొచ్చు.

ఆ బిల్డింగ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. డాబా మీద కొత్తగా ఒక రూమ్ కట్టి, కంపొస్తోందని వెంట్ పైపుకి ఎండ్ క్యాప్ అంటించేశారు. కంపు బయటికి పోవడం దాని పనిలో సగమే, గాలి లోపలికి రావడం మిగతా సగం. క్యాప్ కోసి, పైపును ఆ రూమ్ పైకప్పు దాటేదాకా పెంచి, కిటికీకి దూరంగా, దాని నోటికి గాలి ఆడే టోపీ లాంటి కౌల్ పెట్టాను. మళ్లీ ఫ్లష్ కొట్టించి పుల్ల ముంచితే నీళ్లు గుర్తు దగ్గరే ఉన్నాయి. కౌల్ లేని చోట పావురాల గూడు, ఎండుటాకులు కూడా ఆ క్యాప్ లాగే పైపును మూసేస్తాయి, కాబట్టి ముందు డాబా ఎక్కి చూడండి.

అపోహ: వెంట్ బాగుంటే ఏ ఇంట్లోనూ గుడగుడ రాదు.

కింది అంతస్తు సంగతి వేరు. పైనుంచి పడిన నీళ్లు అడుగున మలుపు తిరిగేచోట గాలి నొక్కుకుపోయి, ట్రాప్ నీళ్లను పైకి తంతుంది. అక్కడ జాలీలో నీళ్లు తగ్గవు, బుడగలు వస్తాయి, ఒక్కోసారి చిమ్ముతాయి. దానికి కింది ఇంటి లైన్‌ను విడిగా తీసుకెళ్లి బయట మురుగు నీళ్ల గుంటలో, అంటే ఛాంబర్‌లో కలపాలి. బుడగలతో పాటు నీళ్లు మెల్లగా పైకొచ్చి నిలిచిపోతుంటే మాత్రం అది నిజమైన జామ్. అప్పుడు ఛాంబర్ మూత తెరిచి, రాడ్ వేయించండి.