అమ్మమ్మ పాడిన పాట ఏది? పల్లవి వెనక పడితే దొరకదు

పెళ్లిలోనో సీమంతంలోనో ఇంట్లో పెద్దవాళ్లు పాడిన పాట ఏదో కనుక్కోమని నా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ రెండే తెస్తారు. మొదటి ముక్క ఒకటి, కూనిరాగం ఒకటి. పాటను పట్టివ్వడంలో అన్నిటికన్నా బలహీనమైన ఆనవాళ్లు ఆ రెండే.

అపోహ: పల్లవి గుర్తుంటే పాట దొరికినట్టే.

హారతి పాటల్లో "జయమంగళం నిత్య శుభమంగళం" అన్న మాట ఎన్ని పాటలకు మకుటమో లెక్కలేదు. "శోభనే శోభనే", "లాలి", "జోజో", "సువ్వి" కూడా అంతే. ఇవి పాట పేర్లు కావు, ఆ పాట ఏ సందర్భానిదో చెప్పే మాటలు. హారతిదా, ఉయ్యాలదా, దంపుడుదా అన్నది తేలుతుంది, అక్కడితో సరి. అసలు ఆనవాలు చివరి చరణంలో ఉంటుంది. వాగ్గేయకారులు ముద్ర వేసేది ఎక్కువగా అక్కడే. వేంకటేశుడి పేరు ఉంటే అన్నమయ్య వైపు, మువ్వగోపాలుడైతే క్షేత్రయ్య వైపు, భద్రాచలం, రామదాసు అన్న మాటలుంటే రామదాసు వైపు, తరిగొండ నృసింహుడైతే వెంగమాంబ వైపు చూడాలి. ముద్ర లాంటిది కనిపించినా తొందరపడకూడదు. వేంకటేశుడి మీద పాట కట్టిన ప్రతివాళ్లూ అన్నమయ్య కారు. ముద్రే లేకపోతే, స్త్రీల పాటల్లో చాలా వాటికి ఉండదు, ఇక కర్త కోసం వెతకడం మానేసి కథ కోసం వెతకాలి.

అపోహ: బాణీ పక్కాగా గుర్తుంది కాబట్టి అదే సాక్ష్యం.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. "జో అచ్యుతానంద జోజో ముకుందా" అన్న లాలిని మాత్రల్లో విడదీయండి. జో అచ్యు, తానంద, జోజోము, ఇలా ఒక్కో ముక్క అయిదేసి మాత్రలు. ఇప్పుడు "క్షీరాబ్ధి కన్యకకు శ్రీమహాలక్ష్మికిని" అన్న హారతి తీసుకోండి. క్షీరాబ్ధి అయిదు, కన్యకకు అయిదు, శ్రీమహా అయిదు, లక్ష్మికిని అయిదు. ఒకటి ఉయ్యాల దగ్గరిది, ఒకటి హారతి పళ్లెం దగ్గరిది, నడక మాత్రం ఒకటే. కాబట్టి ఒకదాని బాణీలో ఇంకోటి హాయిగా ఇమిడిపోతుంది. ఇళ్లలో జరిగిందీ అదే. వచ్చిన వరసలు నాలుగైతే, ఆ నాలుగింట్లోనే పాతిక పాటలు పాడుకున్నారు. బాణీ వల్ల తెలిసేది నడక ఒక్కటే. మూడేసి మాత్రలదా, నాలుగేసిదా, అయిదేసిదా అని తేలితే పుస్తకంలో సరిపోని పాటల్ని పక్కన పెట్టేయవచ్చు. అంతవరకే దాని పని.

అన్నమయ్య విషయంలో ఇంకో మెలిక ఉంది. తాళ్లపాక రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గానీ స్వరాలు ఉండవు. ఇవాళ మనం వినే వరసల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. మీ అమ్మమ్మ పాడిన వరస క్యాసెట్ వరసతో అచ్చంగా కలిసిపోతే సంబరపడేముందు ఆలోచించండి. ఆవిడ ఆ పాటను రేడియోలోనో క్యాసెట్‌లోనో నేర్చుకుని ఉండవచ్చు.

అపోహ: అది ద్రౌపది పాటే, ఇంట్లో అందరూ అలాగే చెబుతారు.

ఈ మధ్య ఒక కుటుంబం తెచ్చిన పాట ఇది. పసుపు దంచుడు అయ్యాక ఆడవాళ్లు కూర్చుని తలంబ్రాల బియ్యం ఏరుతుంటే అమ్మమ్మ పాడేదట. మాట ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు. నిండు సభలో ఎవరో నవ్వుతారు, ఆ నవ్వుతో గొడవ అవుతుంది, ఎక్కడో "నిద్ర" అన్న మాట వస్తుంది. సభలో నవ్వు అనగానే మయసభ, ద్రౌపది, దుర్యోధనుడు అని ఇంటిల్లిపాదీ తీర్మానించేసుకున్నారు. భారతం పాటల్లో వెతికి వెతికి విసిగిపోయి వచ్చారు.

నేను మాటలు అడగలేదు. "ఆ నవ్వుకు నొచ్చుకున్నది ఒక్కరా, చాలామందా?" అని అడిగాను. మనవరాలు వెంటనే, "అందరూ తలలు దించుకుంటారండీ, ఎవరికి వారే తమను చూసి నవ్వాడనుకుంటారు" అంది. అక్కడే ద్రౌపది కథ పక్కకు పోయింది. మయసభలో నొచ్చుకున్నది దుర్యోధనుడొక్కడే. పైగా ఆ అమ్మాయి "నవ్వాడు" అంది, తనకు తెలియకుండానే.

తర్వాత వాళ్ల పిన్నితో విడిగా ఫోన్‌లో మాట్లాడాను. విడిగా ఎందుకంటే, ఇద్దరూ ఒకచోట ఉంటే ఒకరి జ్ఞాపకం రెండోవాళ్లకు అంటుకుంటుంది. నా అనుమానం ఆమెకు చెప్పలేదు. సభలో ఎవరెవరున్నారని మాత్రం అడిగాను. "శివుడున్నాడు, నెత్తిన గంగ సంగతి ఏదో వస్తుంది. విభీషణుడు కూడా" అన్నారు. విభీషణుడు ఉన్నాడంటే అది రామాయణం. అది "లక్ష్మణదేవర నవ్వు".

కథ ఇదీ. పట్టాభిషిక్తుడైన రాముడి కొలువులో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. గంగను నెత్తికెక్కించుకున్నందుకు తననే ఎగతాళి చేశాడని శివుడు, అన్నను విడిచి వచ్చినందుకని విభీషణుడు, ఇలా ఎవరి గుండెలో ముల్లు వారికి గుచ్చుకుంటుంది. రాముడికైతే కోపం వచ్చి కత్తి తీస్తాడు. అసలు సంగతేమిటంటే, పద్నాలుగేళ్లు దూరంగా ఉంచిన నిద్రాదేవి సరిగ్గా ఆ సభలోనే వచ్చి నిలబడింది, అందుకు నవ్వాడు.

ఇంతటితో తేలిందనుకోలేదు. "నిద్ర" అన్న మాట "ఊర్మిళాదేవి నిద్ర" పాటలోనూ ఉంటుంది. అందులో లక్ష్మణుడు వచ్చి లేపితే ఊర్మిళ పరాయివాడనుకుని మందలిస్తుంది. ఇద్దరినీ వేర్వేరుగా ఆ ఘట్టం గురించి అడిగితే ఇద్దరికీ తెలియదు. కత్తి సంగతి మాత్రం నేను చెప్పకుండానే పిన్నిగారి నోట వచ్చింది. ఒక్క ఘట్టం కలిస్తే పోలిక మాత్రమే. మూడు ఘట్టాలు అదే వరసలో కలిస్తే గానీ పాట ఫలానాది అని నేను చెప్పను.

అపోహ: నెట్‌లో లేదంటే ఎక్కడా లేనట్టే.

నేదునూరి గంగాధరం "మిన్నేరు", కృష్ణశ్రీ "స్త్రీల రామాయణపు పాటలు", బిరుదురాజు రామరాజు "తెలుగు జానపద గేయ సాహిత్యము", హరి ఆదిశేషువు జానపద గేయవాఙ్మయ పరిచయం లాంటివి ముందు చూడాలి. పాత పుస్తకాలు archive.org లో చాలావరకు ఫోటోలుగానే ఉంటాయి. పాట ముక్క టైపు చేస్తే చాలాసార్లు దొరకదు, పుస్తకం తెరిచి విషయసూచిక చూడాల్సిందే. పల్లవిని బట్టి వెతక్కుండా సందర్భాన్నీ కథనూ బట్టి వెతకండి.

అపోహ: అచ్చులో ఉన్నదే అసలు, ఇంట్లోది తప్పు.

కథాగేయాలకు ఒకే పాఠం ఉండదు. ఊరు మారితే, పాడే ఇల్లు మారితే చరణాలు మారతాయి. పై కుటుంబానికి అచ్చు పాఠం చూపించినప్పుడు పిన్నిగారు కొన్ని చరణాల దగ్గర "ఇది మా అమ్మ పాడలేదు" అన్నారు. చివర్లో పెళ్లికూతుర్ని దీవించే రెండు పాదాలు అచ్చులో లేవు, ఆమెకు మాత్రం నోటికి వచ్చు. వాటిని సరిదిద్దకుండా ఆమె పలికినట్టే రాయించాను. అర్థం కాని ఒక మాటనూ అలాగే ఉంచాం. పక్కనే అమ్మమ్మ పుట్టింటి ఊరు, ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, ఏ వేడుకలో పాడేదీ రాశాం. అమ్మమ్మ పుట్టింటి వైపు ఇంకో ముసలావిడ ఉన్నారట. ఆమెకు ఈ కాగితం చూపించకుండా ముందు పాడించి రికార్డు చేయమన్నాను.