ఒక ఎత్తు ముందు, ఒక ఎత్తు తర్వాత

మన క్లబ్బు పిల్లలందరికీ,

ఆశీస్సులు.

నాలుగే నాలుగు ఎత్తుల్లో ఆట ముగిసిపోతే ఎలా ఉంటుందో మీలో చాలామందికి ఇప్పటికే తెలుసు. పోయింది ఒక్క బంటే. మిగతా పావులన్నీ ఇంకా వరుసగా నిలబడే ఉంటాయి. అయినా రాజుకు కదలడానికి చోటుండదు. చెవులు వేడెక్కుతాయి, గొంతు పట్టేస్తుంది, పావులన్నిటినీ ఒక్కసారిగా డబ్బాలోకి తోసేయాలనిపిస్తుంది. తోసేయవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. అలా తోసేస్తే ఆ ఆటలో మీరు నేర్చుకోవాల్సింది కూడా పావులతో పాటే డబ్బాలోకి వెళ్ళిపోతుంది.

పాచికలతో ఆడే ఆటలో ఓడితే పాచికలు పడలేదనుకుని లేచిపోవచ్చు. చదరంగంలో ఆ వెసులుబాటు లేదు. ఇద్దరికీ అవే పావులు, ఎవరి పావులైనా దాచిపెట్టినవి కావు, అంతా కళ్ళ ముందే ఉంటుంది. అందుకే ఈ ఓటమి ఎక్కువ నొప్పి పెడుతుంది. పెట్టనివ్వండి. ఏడుపు వస్తే కాసేపు బయటికి వెళ్ళి మొహం కడుక్కుని రండి, అందులో తప్పేమీ లేదు. కానీ తిరిగి వచ్చి అదే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఇప్పుడు ఆ నాలుగు ఎత్తుల ఆటను నిదానంగా చూద్దాం. బోర్డు తెచ్చుకుని, పావులు పేర్చుకుని చదవండి. ఉత్తరం చదువుతూ ఊహించుకోవడం కంటే చేత్తో కదిపి చూస్తే బాగా అర్థమవుతుంది.

```
1. e4   e5
2. Qh5  Nc6
3. Bc4  Nf6
4. Qxf7#
```

ఇందులో Q అంటే మంత్రి, N అంటే గుర్రం, B అంటే మీరు బిషప్ అని పిలిచే శకటు. x అంటే పావును చంపడం, చివర ఉన్న # అంటే కట్టు, అంటే చెక్‌మేట్.

నల్లపావుల వైపు కూర్చుని చూడండి. రెండో ఎత్తులో తెల్ల మంత్రి h5 గడిలోకి వచ్చింది. అక్కడి నుంచి అది e5 గడిలో ఉన్న మీ బంటును చంపగలదు. మీరు గుర్రాన్ని c6 గడికి తెచ్చి ఆ బంటుకు కాపలా పెట్టారు. అది మంచి ఎత్తే. మూడో ఎత్తులో తెల్ల శకటు c4 గడికి వచ్చింది. మీరు రెండో గుర్రాన్ని f6 గడికి తీసుకొచ్చారు. గుర్రం ఇప్పుడు మంత్రి మీదికి దూకుతానంటోంది, మంత్రి పారిపోక తప్పదు అనుకున్నారు. మంత్రి పారిపోలేదు. f7 బంటును చంపి రాజు పక్కనే కూర్చుంది. రాజు దాన్ని చంపలేడు, ఎందుకంటే c4 గడి నుంచి శకటు దానికి అండగా ఉంది.

ఈ ఆట ఓడినవారిని ఎక్కడ పొరపాటు జరిగిందని అడిగితే, మంత్రి అక్కడికి వస్తుందని చూడలేదని చెబుతారు. అది నిజమే, కానీ సగం నిజం. ఎందుకు చూడలేదు? మూడో ఎత్తులో మీ కళ్ళు మీరు చేయబోయే దాడి మీదే ఉన్నాయి. ఎదుటివాళ్ళ శకటు అప్పుడే వచ్చి ఏం చేసిందో అడగలేదు. అడిగి ఉంటే లెక్క తేలికే. f7 గడి మీద తెల్లవాళ్ళవి రెండు పావులు గురిపెట్టాయి, మంత్రి ఒకటి, శకటు ఒకటి. ఆ గడికి కాపలా ఉన్నది మీ రాజు ఒక్కడే. ఇద్దరు దాడి చేస్తుంటే ఒక్కడే కాపలా ఉన్నాడంటే ముందు ఆ సంగతి చూడాలి, మంత్రిని తరమడం తర్వాత.

ఏం చేయాలి? మూడో ఎత్తులో g బంటును ఒక గడి ముందుకు, g6 గడికి తోయాలి. అది మంత్రి దారికి అడ్డం పడుతుంది, మంత్రినే బెదిరిస్తుంది కూడా. మంత్రి f3 గడికి వెనక్కి తగ్గి మళ్ళీ f7 వైపే చూస్తుందనుకోండి. ఇప్పుడు గుర్రాన్ని f6 గడికి తీసుకురండి. ఈసారి అది మంత్రికీ f7 బంటుకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. మీ గుర్రాలు రెండూ బయటికొచ్చాయి, తెల్ల మంత్రి అటూ ఇటూ తిరిగి రెండు ఎత్తులు ఖర్చు పెట్టుకుంది. ఆట మీకు హాయిగా ఉంది.

గమనించారా? మిమ్మల్ని ఓడించిన ఎత్తూ కాపాడిన ఎత్తూ ఒకటే. గుర్రం f6 గడికి రావడం. మూడో ఎత్తుగా వేస్తే కట్టు, నాలుగో ఎత్తుగా వేస్తే రక్ష.

అలాగని g6 ఎత్తును బట్టీపట్టి, మంత్రి h5 గడిలో కనిపించగానే వేసేయకండి. రెండో ఎత్తులోనే దాన్ని వేస్తే మంత్రి e5 బంటును చంపి మీ రాజుకు చెక్ చెబుతుంది. g బంటు కదిలినందువల్ల తెరుచుకున్న దారిలో అదే మంత్రి h8 మూలనున్న మీ ఏనుగును కూడా చూస్తుంటుంది. మీరు చెక్ తప్పించుకునేలోగా ఏనుగు పోతుంది. అంటే గుర్రం తొందరపడినా నష్టమే, బంటు తొందరపడినా నష్టమే. ఓపిక అని నేను పదే పదే అనేది ఈ క్రమాన్ని గురించే. ఊరికే ఎక్కువసేపు కూర్చోవడం ఓపిక కాదు. ఎదుటివాళ్ళు ఎత్తు వేయగానే, మీ ఆలోచన ఎంత మంచిదైనా దాన్ని పక్కన పెట్టి, ఇప్పుడు వచ్చిన పావు ఏ గడుల వైపు చూస్తోందో ముందు కనిపెట్టాలి. ఆ తర్వాతే మీ ఆలోచన దగ్గరికి తిరిగి రావాలి. చేయి మాట వినకపోతే చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చోండి.

చేతుల సంగతి ఊరికే అనలేదు. ముట్టుకున్న పావునే కదపాలన్నది పోటీల్లో నియమం. మన క్లబ్బులో మొదటి రోజు నుంచే దాన్ని పాటిస్తున్నాం. కొందరికి ఇది కఠినంగా అనిపిస్తోందని నాకు తెలుసు. కానీ ఎత్తు వెనక్కి తీసుకోవచ్చని తెలిస్తే ఎవరూ ముందుగా ఆలోచించరు. పావు గడిలో వంకరగా ఉంటే సరిచేయాలంటే, మీ వంతు వచ్చినప్పుడు ముట్టుకోక ముందే "సర్దుతున్నాను" అని పైకి చెప్పండి. ముట్టుకున్నాక చెబితే చెల్లదు.

ఇక ఓటమి ఒప్పుకోవడం. పెద్ద ఆటగాళ్ళు కట్టు పడేదాకా ఆడడం అరుదు. గెలవలేమని తెలియగానే చేయి కలిపి లేస్తారు, అది వాళ్ళ మధ్య మర్యాద. మీరు మాత్రం ఇప్పుడే అలా చేయవద్దు. మంత్రి పోయిందని సగంలో లేచిపోతే, ఎదుటివారికి గెలుపును పూర్తిచేయడం వచ్చో రాదో మీకెలా తెలుస్తుంది? నల్లరాజు h8 మూలలో ఒంటరిగా ఉన్నాడు, తెల్లవారికి రాజు, మంత్రి ఉన్నాయనుకోండి. తొందరలో తెల్లవారు మంత్రిని f7 గడిలో పెట్టారు. రాజుకు చెక్ లేదు, కానీ పక్కనున్న మూడు గడుల మీదా మంత్రి చూపుంది. నల్లవారికి కదపడానికి ఏమీ లేదు. అది స్టేల్‌మేట్, ఆట డ్రా. గెలిచేవారి తొందర వల్ల ఓడిపోయేవారికి అర పాయింటు వచ్చింది. కాబట్టి చివరిదాకా ఆడండి. అయితే నిట్టూర్పులు విడుస్తూ, బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ ఆడవద్దు. ఆడుతున్నంతసేపూ నిజంగా వెతుకుతూనే ఉండాలి.

ఆట అయ్యాక చేయి కలపడం ఇద్దరికీ తప్పనిసరి. ఆ తర్వాత కూడా పని ఉంది, అందులో గెలిచినవారికే ఎక్కువ బాధ్యత. ఇద్దరూ కలిసి పావులను వెనక్కి పేర్చి, ఆట ఎక్కడ తిరిగిందో వెతకాలి. గెలిచినవారు "నేను ఇక్కడ ఇది అనుకున్నాను, నువ్వు అది వేసి ఉంటే నాకు దారి లేదు" అని దాచకుండా చెప్పాలి. "నీకు ఇది కూడా కనిపించలేదా" అనే మాట మన బల్లల దగ్గర వినిపించకూడదు. ఆ మాట విన్న పిల్లలు తర్వాత తమ పొరపాటును దాచుకోవడం నేర్చుకుంటారు తప్ప సరిచేసుకోవడం నేర్చుకోరు. ఓడినవారు కూడా "నేను సరిగా చూడలేదు కాబట్టి నువ్వు గెలిచావు" అనకూడదు. చూడకపోవడమే ఈ ఆటలో ఓటమి, ఎదుటివారు చూశారు కాబట్టే గెలిచారు.

మీకు తెలిసిన గుకేశ్‌నే తీసుకోండి. 2024లో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్ డింగ్ లిరెన్‌తో తలపడినప్పుడు, మొదటి ఆటలో తెల్లపావులతో ఆడి ఓడిపోయాడు. అప్పటికి అతని వయసు 18 ఏళ్ళు. రెండో ఆట డ్రా అయింది, మూడోది గెలిచాడు. పన్నెండో ఆటలో మళ్ళీ ఓడిపోయాడు. పద్నాలుగో ఆట డ్రా వైపు నడుస్తుండగా డింగ్ ఏనుగుతో ఒక పొరపాటు ఎత్తు వేశాడు, గుకేశ్ దాన్ని పట్టుకుని చాంపియన్ అయ్యాడు. మొదటి ఆట పోయినప్పటి బాధను పక్కన పెట్టలేకపోతే మూడో ఆట బోర్డు మీద ఏముందో అతనికి కనిపించేది కాదు.

మరీ కొత్తగా చేరినవాళ్ళకు ఒక మాట. మీరు ఇంకా పూర్తి ఆట ఆడనక్కర్లేదు. బోర్డు మీద ఎనిమిదేసి బంట్లు మాత్రమే పెట్టుకుని, ఎవరి బంటు ముందు అవతలి చివరకు చేరితే వాళ్ళు గెలిచినట్టు ఆడండి. ఇద్దరి బంట్లూ అడ్డుపడి ఎవరూ కదలలేకపోతే డ్రా. ఈ ఆట కాసేపట్లో ముగుస్తుంది కాబట్టి ఒక్క మధ్యాహ్నంలోనే చాలాసార్లు గెలుస్తారు, చాలాసార్లు ఓడతారు. అప్పుడు ఒక్కో ఓటమి అంత పెద్దదిగా అనిపించదు. పైగా, తొందరపడి ముందుకు తోసిన బంటు తిరిగి వెనక్కి రాదని ఇందులో త్వరగా తెలిసిపోతుంది. గెలుపోటములు రెండూ మామూలుగా తీసుకుంటున్నారని అనిపించాక మిగతా పావులు ఇస్తాను.

వచ్చే వారం నుంచి అందరూ ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. ఆట జరుగుతుండగానే మీ ఎత్తులూ ఎదుటివారి ఎత్తులూ పైన నేను రాసిన పద్ధతిలో రాయాలి. ఓడిన ఆటలో ఒకే ఒక ఎత్తు కింద గీత గీయండి. ఆ గీత కట్టు పడిన చివరి ఎత్తు కింద ఉండకూడదు. ఆట చేజారడం మొదలైంది ఎక్కడో, ఆ ఎత్తు కింద ఉండాలి. దాని పక్కన, అప్పుడు మీరు ఏమనుకున్నారో ఒక్క వాక్యం రాయండి. గెలిచినవారు కూడా తమ ఆటలో అలాంటి ఎత్తు ఒకటి వెతకాలి, తప్పకుండా ఉంటుంది. ఆ పుస్తకాలు నేను మార్కులు వేయడానికి చూడను. ఆ రోజు ఎవరితో ఏ ఆట మళ్ళీ పేర్చి కూర్చోవాలో తెలుసుకోవడానికి చూస్తాను.

ప్రేమతో,
మీ చదరంగం మాస్టారు