ఎనిమిదికి ఒకటి రావాల్సిన చోట మూడు ఎందుకొచ్చింది?

విశాఖలో మా కాలేజీ డిజిటల్ ల్యాబ్‌లో ఒక అమ్మాయి చిన్న ప్రాజెక్టు కట్టింది. డాబాగార్డెన్స్‌లో కొన్న ఎల్‌ఎస్ రకం ఐసీలు, ఒక బ్రెడ్‌బోర్డు. 555 టైమర్ సెకనుకు ఒక పల్స్ ఇస్తుంది. 7493 కౌంటర్ దాన్ని సున్నా నుంచి ఏడు దాకా లెక్కపెడుతుంది. ఆ మూడు బిట్లనూ 74138 డీకోడర్ ఎనిమిది లైన్లుగా విడదీసి ఎనిమిది ఎల్‌ఈడీలను వరసగా వెలిగిస్తుంది. సున్నా లైన్‌ను ఇంకో 7493కి క్లాక్‌గా ఇచ్చింది, ఎన్ని రౌండ్లు అయ్యాయో లెక్క తెలుస్తుందని.

"సార్, ఎల్‌ఈడీలు కరెక్టుగా వెలుగుతున్నాయి. రౌండ్ల లెక్క మాత్రం ఒక్కో రౌండుకు మూడు పెరుగుతోంది. ఒక్కోసారి రెండే" అంది. 555 నుంచి పల్స్ వస్తోంది కాబట్టి స్విచ్ బౌన్స్ అనుకోవడానికి లేదు. సప్లై దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టించాను, తేడా రాలేదు. వైరింగ్ తప్పు లేదు, ఐసీ తప్పూ లేదు. తప్పు వెతకడానికి ఈ కౌంటర్ పుట్టిన చోటికి వెళ్లాలి.

1918లో ఇంగ్లండ్‌లో ఎక్లిస్, జోర్డాన్ అనే ఇద్దరు రెండు వాల్వులతో రెండు స్థితుల్లో నిలబడే సర్క్యూట్ కట్టారు. ఈనాటి ఫ్లిప్‌ఫ్లాప్‌కి అదే మూలం. 1930ల మొదట్లో కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ల్యాబ్‌లో విన్-విలియమ్స్‌కు ఆల్ఫా కణాలను లెక్కపెట్టాల్సి వచ్చింది. మెకానికల్ మీటర్ అంత వేగాన్ని అందుకోలేదు. అందుకని థైరట్రాన్ వాల్వుల జంటలను గొలుసుగా కలిపాడు. మొదటి జంట రెండు పల్స్‌లకు ఒకటి పంపుతుంది, ఆ ఒకటి తర్వాతి జంటను కదుపుతుంది. ఇలా సగం, సగంలో సగం అవుతూ చివరికి మీటర్ అందుకోగలిగే వేగానికి దిగుతుంది.

ఆ గొలుసులో మధ్య జంటల వైపు ప్రయోగం నడుస్తుండగా ఎవరూ చూడరు. లెక్క ఆగాక చూస్తారు. అందువల్ల ఒక జంట తర్వాత ఇంకోటి కాస్త ఆలస్యంగా కదిలినా నష్టం లేదు. ఇలా ఒకటి కదిలాక ఇంకోటి కదిలే గొలుసునే రిపుల్ కౌంటర్ అంటారు. అది పుట్టిందే ఆగాక చదివే లెక్క కోసం. 1960ల్లో టీటీఎల్ ఐసీలు వచ్చాక 7490, 7493 లాంటివి ఆ గొలుసునే ఒక చిప్‌లో పెట్టాయి. అక్కడి నుంచి జనం దాని బిట్లను నడుస్తుండగానే డీకోడ్ చేసి, ఆ సిగ్నల్‌తో ఇంకో పని చేయించడం మొదలుపెట్టారు. నా దృష్టిలో చిక్కు అక్కడే మొదలైంది.

స్లాబు వేసేటప్పుడు కాంక్రీటు తట్ట ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్తుంది కదా, రిపుల్ కౌంటర్ అచ్చం అలాగే. బయటి క్లాక్ మొదటి ఫ్లిప్‌ఫ్లాప్‌కే అందుతుంది. అది ఒకటి నుంచి సున్నాకు పడితే రెండోది కదులుతుంది, రెండోది పడితే మూడోది. ఒక్కో మెట్టుకు సుమారు 10 నుంచి 15 నానో సెకన్లు. 7493లో నాలుగు మెట్లూ దాటి చివరి బిట్ స్థిరపడడానికి డేటాషీట్ ఇచ్చే గరిష్ఠం 70 నానో సెకన్లు.

ఇప్పుడు మూడు నుంచి నాలుగుకు వెళ్లే క్షణాన్ని దగ్గరగా చూద్దాం. ఎడమ వైపుది పెద్ద బిట్.

```
011 -> 010 -> 000 -> 100
```

మూడు తర్వాత నాలుగు రాలేదు. రెండు వచ్చింది, సున్నా వచ్చింది, ఆ తర్వాత నాలుగు వచ్చింది. ఒకటి నుంచి రెండుకు వెళ్లేటప్పుడూ ఇంతే: 001, 000, 010. 74138 ఎంచుకున్న లైన్ కిందికి పడుతుంది, మిగతావి పైనే ఉంటాయి. అంటే ఒక రౌండులో సున్నా లైన్ మూడుసార్లు కిందికి పడుతుంది. ఒకటి నుంచి రెండుకు వెళ్తూ దొంగ సున్నా, మూడు నుంచి నాలుగుకు వెళ్తూ ఇంకో దొంగ సున్నా, చివర ఏడు తర్వాత నిజమైన సున్నా. ఆ అమ్మాయికి వచ్చిన మూడు ఇదే.

మరి ఒక్కోసారి రెండే ఎందుకు? ఆ దొంగ సున్నా వెడల్పు పది పదిహేను నానో సెకన్లే. రెండో కౌంటర్ క్లాక్ పిన్‌కు పల్స్ కనీసం 15 నానో సెకన్లు ఉండాలని డేటాషీట్ అంటుంది. అంటే గ్లిచ్ అని పిలిచే ఈ దొంగ పల్స్ సరిగ్గా గీత మీద ఉంది. దాటితే లెక్కలోకి వస్తుంది, దాటకపోతే రాదు. ఐసీ మారినా, గది వేడెక్కినా, వైరు పొడవు మారినా ఫలితం మారుతుంది.

ఎల్‌ఈడీలో ఇది కనపడదు, కంటికి అంత వేగం లేదు. స్కోప్‌లో చూద్దామన్నా మా ల్యాబ్‌లోది 20 మెగాహెర్ట్జ్‌ది. దాని రైజ్ టైమే దాదాపు 17 నానో సెకన్లు, గ్లిచ్ కంటే ఎక్కువ. పైగా ప్రోబ్ తగిలించగానే దాని కెపాసిటెన్స్ వల్ల ఆ సన్నటి పల్స్ ఇంకా మొద్దుబారుతుంది. ప్రోబ్ పెడితే లెక్క సరిగ్గా వచ్చి, తీసేస్తే తప్పుతోందంటే గ్లిచ్ అనే అనుమానించండి.

"నీకు రౌండ్ల లెక్కే కావాలంటే డీకోడర్ దాకా ఎందుకమ్మా? మూడో బిట్ రౌండుకు ఒక్కసారే పడుతుంది, దాన్నే క్లాక్‌గా ఇవ్వు" అన్నాను. ఒక ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి నేరుగా తీసుకున్న అవుట్‌పుట్‌లో ఈ దొంగ పల్స్ ఉండదు. గేట్లు రెండు మూడు బిట్లను కలిపి చూసినప్పుడే అది పుడుతుంది. వాచీల్లో 32,768 హెర్ట్జ్ క్రిస్టల్‌ను రెండుతో భాగిస్తూ పోయే గొలుసుకు ఇబ్బంది లేకపోవడానికి కారణం ఇదే. అక్కడ చివరి బిట్ ఒక్కటే వాడతారు.

"రేపు ఐదో లైన్ కావాలంటే ఎలా సార్?" అని అడిగింది. సరైన ప్రశ్న. దానికి 74138లో ఆరో పిన్ ఉంది, ఎనేబుల్. దాన్ని ఐదు వోల్టులకు కట్టేసింది. అది తీసి 555 క్లాక్‌కు కలిపించాను. 7493 క్లాక్ పడేటప్పుడు కదులుతుంది. ఎనేబుల్ క్లాక్ పైన ఉన్నప్పుడే డీకోడర్‌ను తెరుస్తుంది. బిట్లు కదులుతున్నంతసేపూ తలుపు మూసి ఉంటుంది, అవి సర్దుకున్నాక తెరుచుకుంటుంది. క్లాక్ కింద ఉండే సమయం 70 నానో సెకన్లకు మించితే చాలు. మనకు దాదాపు అర సెకను ఉంది. ఒక్క వైరు మార్చాక రౌండుకు ఒకటే వచ్చింది.

ఇంకో దారి 74163, సింక్రనస్ కౌంటర్. అందులో ఒకే క్లాక్ నాలుగు ఫ్లిప్‌ఫ్లాప్‌లకూ ఒకేసారి అందుతుంది. ఎవరు మారాలో గేట్లు ముందే తేల్చి ఉంచుతాయి. మెట్లు ఎన్నున్నా ఆలస్యం పేరుకుపోదు. క్లాక్ నుంచి ఏ బిట్ అయినా గరిష్ఠంగా 27 నానో సెకన్లలో మారుతుంది.

అయితే సింక్రనస్ కౌంటర్ పెడితే గ్లిచ్‌లు పూర్తిగా పోతాయని చాలామంది రాస్తారు. అది నిజం కాదు. మూడు నుంచి నాలుగుకు మూడు బిట్లూ మారాలి. ఒకటి పడడానికి పట్టే సమయం, ఇంకోటి లేవడానికి పట్టే సమయం ఒకటి కావు. డీకోడర్ లోపలి దారులూ సమానం కావు. కొద్ది నానో సెకన్ల తేడాతో అక్కడా దొంగ లైన్ మెరవచ్చు.

అందుకే 74163తో మళ్లీ కట్టినప్పుడు డీకోడర్ లైన్‌ను ఏ క్లాక్ పిన్‌కూ ఇవ్వనివ్వలేదు. 74138 ఆరో పిన్ మళ్లీ ఐదు వోల్టులకే. రెండు కౌంటర్లకూ 555 క్లాకే. ఏడో లైన్‌ను ఇన్వర్టర్ ద్వారా రెండో కౌంటర్ ఎనేబుల్‌కు ఇచ్చాం. క్లాక్ లేవడానికి 20 నానో సెకన్ల ముందు నుంచి ఆ ఎనేబుల్ స్థిరంగా ఉంటే చాలు. దొంగ మెరుపు వచ్చినా అది ముందటి క్లాక్ అంచు వెనకాలే వచ్చి, తర్వాతి అంచుకు సెకను ముందే చల్లారిపోతుంది.