మసక చూపు పిల్లలకు మామూలు బడి: పాత భయం, కొత్త తగవు

జూన్‌లో బడులు తెరిచాక వారం తిరగకముందే ఏటా వినిపించే తగవు ఈసారీ మొదలైంది. కంటి అద్దాలు పెట్టుకున్నా బోర్డు స్పష్టంగా కనిపించని బిడ్డను తల్లిదండ్రులు మామూలు బడిలోనే చదివిస్తామంటారు. ముందు బెంచీలో కూర్చోబెడతాం, పుస్తకాన్ని జిరాక్సులో పెద్దది చేసి ఇస్తాం, పరీక్షకు జవాబులు విని రాసిపెట్టే స్క్రైబును పెట్టుకోండి, అంతకుమించి కావాలంటే అంధుల పాఠశాల ఉంది కదా అని యాజమాన్యం చెబుతుంది. నలభై యాభై మంది ఉన్న తరగతిలో ఒక్కరి కోసం పాఠం ఆపలేమనేది ఉపాధ్యాయుల మాట, అందులో నిజం లేకపోలేదు. అయితే ఈ తగవు అడుగున పైకి ఎవరూ అనని భయం ఒకటి ఉంది. పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని చదివితే ఉన్న కాస్త చూపూ పోతుందన్నదే ఆ భయం. అది ఎక్కడ పుట్టిందో, ఎప్పుడు తప్పని తేలిందో తెలిస్తే నేటి వివాదంలో సగం విడిపోతుంది.

తేలింది 1964లో. టెక్సాస్ అంధుల పాఠశాలలో పనిచేసిన నేటలీ బరాగా అనే ఉపాధ్యాయురాలు, చట్టం లెక్కలో అంధులైనా కొద్దిపాటి చూపు మిగిలి ఉన్న పిల్లలకు ఆ చూపుతోనే పాఠాలు చెప్పి, ఫలితాలను ఆ ఏడాది ప్రచురించారు. రూపాలు గుర్తించడం, తేడాలు పట్టడం, బొమ్మ నుంచి అక్షరానికి రావడం, ఇలా మెట్టు మెట్టుగా సాగిన శిక్షణ అది. చార్టు మీద కొలిచిన చూపులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు గానీ, అదే చూపుతో వారు చేయగలిగిన పని స్పష్టంగా పెరిగింది. చూపు వాడితే అరిగిపోయేది కాదని, వాడుతూ నేర్చుకునేదని అప్పుడు రుజువైంది. అంతవరకు చాలా అంధుల పాఠశాలల్లో కాస్తో కూస్తో కనబడే పిల్లలు బ్రెయిలీ చుక్కలను కంటితో చూసి చదవకుండా వారి కళ్ళకు గంతలు కట్టేవారన్న సంగతి తలుచుకుంటే, ఆ రుజువు ఎంత బరువైనదో తెలుస్తుంది.

ఈ భయానికి వేర్లు ఇంకా వెనక ఉన్నాయి. 1908లో లండన్‌లో తీవ్రమైన హ్రస్వదృష్టి ఉన్న పిల్లల కోసం ప్రత్యేక తరగతి తెరిచారు. 1913లో అమెరికాలోని మసాచుసెట్స్‌లోనూ క్లీవ్‌లాండ్‌లోనూ ఇలాంటివే వెలిశాయి. ‘చూపును కాపాడే తరగతులు’ అని వాటికి పేరు. పాఠమంతా నోటితో చెప్పేవారు, రాయవలసి వస్తే పెద్ద నల్లబోర్డుల మీద రాయించేవారు, పుస్తకం చదవడాన్ని వీలైనంత తగ్గించేవారు. ఉద్దేశం మంచిదే, పునాదే తప్పు. ఆ పునాది పుట్టినచోట ఎప్పుడో కూలిపోయినా, మన ఇళ్ళలోనూ బడుల్లోనూ ‘కళ్ళు పాడవుతాయి, దూరంగా పెట్టుకుని చదువు’ అన్న మాటగా ఇంకా నిలిచే ఉంది.

ముందు బెంచీ, జిరాక్సు అనే రెండు ఏర్పాట్లు ఎందుకు చాలవో ఒక పాపను ఊహించుకుని లెక్క వేస్తే తేలిగ్గా తెలుస్తుంది. ఆరో తరగతి, పుట్టుకతోనే చర్మంలోనూ కళ్ళలోనూ రంగు తక్కువగా ఉండే ఆల్బినిజం, అద్దాలతో చూపు 6/60 అనుకుందాం. మామూలు కంటికి అరవై మీటర్ల నుంచి కనిపించేది ఈ పాపకు ఆరు మీటర్ల నుంచి కనిపిస్తుందని దాని అర్థం. ఈ చూపుతో మూడు మీటర్ల దూరంలో అక్షరాన్ని గుర్తించాలంటే అది దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, రెండు మీటర్లలో అయితే సుమారు మూడు. ఉపాధ్యాయులు బోర్డు మీద సాధారణంగా రాసేది నాలుగైదు సెంటీమీటర్ల అక్షరమే కాబట్టి, రెండు మీటర్ల దూరంలోని ముందు బెంచీ నుంచి పాపకు అది అందుతుందని అందరూ అనుకుంటారు. కానీ తెలుగులో అక్షరం కింద ఒత్తు ఉంటుంది, అది అక్షరంలో సగమే ఉంటుంది. రెండు సెంటీమీటర్ల ఒత్తు రెండు మీటర్ల నుంచి ఈ పాపకు కనబడదు. ‘ద’కీ ‘ధ’కీ మధ్య ఉన్న కింది గీత, ‘థ’ కడుపులోని చుక్క అంతకన్నా చిన్నవి. ముందు బెంచీలో కూర్చుని కూడా పాప ‘విద్యార్థి’ని ‘విదారి’ అని రాస్తే, దాన్ని చదువులో వెనకబాటుగా లెక్కగట్టడం ఇక్కడ జరిగే మొదటి అన్యాయం.

దీనికి మార్గాలు లేకపోలేదు. పాప ఎవరి అనుమతీ అడగకుండా లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి చూసి రావచ్చని తరగతిలో మొదటి రోజే చెప్పాలి. ఒక మీటరు దూరానికి వెళ్తే ఒత్తు అందుతుంది. నాలుగు రెట్లు చూపించే చేతి టెలిస్కోపు ఉంటే బెంచీ దగ్గరి నుంచే అరమీటరు దూరంలో నిలబడినంత కనిపిస్తుంది. అయితే అందులో కనిపించే మేర చిన్నది, చూసి, దించి, రాసి, మళ్ళీ వెతుక్కోవాలి కనుక ఎక్కించుకోవడం నెమ్మదిగా సాగుతుంది. అన్నిటికన్నా చవకైనది, అందరికీ పనికొచ్చేది ఉపాధ్యాయులు రాస్తున్నదాన్ని పైకి పలుకుతూ రాయడం. ‘ఇక్కడున్న దీన్ని అక్కడికి తీసుకొస్తే’ అని వేలు చూపించడం మానేసి ‘ఎడమవైపున్న మూడును కుడివైపుకు తెస్తే’ అంటే చాలు. దానికి పాఠం ఆపవలసిన పనే లేదు.

పుస్తకం దగ్గర లెక్క ఇంకోలా ఉంటుంది. పాఠ్యపుస్తకంలో అక్షరం మూడు మిల్లీమీటర్లు, ఒత్తు ఒకటిన్నర ఉందనుకుందాం. పది సెంటీమీటర్ల దూరంలో ఈ పాప గుర్తించగలిగిన అతి చిన్న పరిమాణం దాదాపు ఆ ఒకటిన్నరే. అంచు మీద గుర్తుపట్టడం వేరు, పేజీలకు పేజీలు అలసట లేకుండా చదవడం వేరు. హాయిగా చదవాలంటే దానికి రెట్టింపు కావాలి. జిరాక్సు ఆ రెట్టింపు ఇస్తుందని బడులు నమ్ముతాయి. ఏ4 కాగితాన్ని ఏ3కి పెంచితే కాగితం రెట్టింపవుతుంది గానీ, అక్షరం ఎత్తు 1.4 రెట్లే అవుతుంది. పైగా పటాల్లోని రంగులు బూడిదగా మారిపోతాయి, అంత పెద్ద కాగితం బెంచీ మీద పట్టదు, నెల తిరిగేసరికి కట్టలు కట్టలు పోగవుతాయి. పేజీ మీద పెట్టి జరుపుకునే గుమ్మటం ఆకారపు భూతద్దం సుమారు 1.8 రెట్లు పెంచుతుంది. దానితో పుస్తకాన్ని పది సెంటీమీటర్ల దగ్గర పెట్టుకుంటే పాపకు కావలసిన రెట్టింపు దాదాపుగా వచ్చేస్తుంది, అదీ తోటివారు చదివే అదే రంగుల పుస్తకంలో. ఆల్బినిజంలో తెల్ల కాగితం వెలుగే కళ్ళను ఇబ్బంది పెడుతుంది కాబట్టి, నల్ల అట్టకు ఒక వరుస పట్టేంత చీలిక కోసి పేజీ మీద పెడితే వెలుగూ తగ్గుతుంది, వరుసా తప్పదు. మెడ వంచి వంచి నొప్పి పుట్టకుండా పుస్తకాన్ని ఏటవాలుగా నిలబెట్టే పలక అవసరం.

పది సెంటీమీటర్లంటే ముక్కు దాదాపు కాగితానికి తగులుతుంది. దాన్ని చూసే పెద్దలు పుస్తకాన్ని లాగేస్తారు. పిల్లల కంటి కటకానికి అంత దగ్గర వస్తువు మీద కుదురుకునే శక్తి ఉంది, దానివల్ల ఉన్న చూపు పోదు. శుక్లానికి ఆపరేషన్ అయి సహజ కటకం తీసేసిన పిల్లలకు మాత్రం ఆ శక్తి ఉండదు, వారు దగ్గర చూపుకు వేరే అద్దాలు లేకుండా చదవలేరు. అందువల్ల ‘లో విజన్’, అంటే అల్పదృష్టి, అన్న ఒక్క మాట చూసి ఒకే ఏర్పాటు చేయడం కుదరదు. కూర్చునే చోటూ అంతే. పై పాపను కిటికీకి వీపు ఉండేలా కూర్చోబెట్టాలి, కిటికీకి ఎదురుగా ఉన్న ముందు బెంచీకన్నా వెలుగు తగలని రెండో బెంచీ మేలు. రెటినైటిస్ పిగ్మెంటోసాతో చుట్టూ చూపు కుదించుకుపోయిన పిల్లవాడికైతే మరీ దగ్గర కూర్చుంటే బోర్డులో కొంతే కనిపిస్తుంది, అక్షరాలు అతిగా పెంచితే ఆ ఇరుకు చూపులో ఒకటి రెండుకన్నా పట్టవు. అతనికి మధ్య వరుస, మామూలు అక్షరం, మంచి వెలుతురు కావాలి.

తోటిపిల్లల సాయం గురించి బడులు గర్వంగా చెప్పుకుంటాయి, ‘పక్కనున్న అమ్మాయి చూపిస్తుంది’ అని. జరిగేది తరచూ వేరు. పాప బోర్డు చూడడం మానేసి పక్క నోటుబుక్కు చూసి ఎక్కించుకుంటుంది. ఇద్దరి పుస్తకాల్లో ఒకే తప్పు ఒకే చోట దొర్లితే సంగతి బయటపడుతుంది. మధ్యాహ్నం తర్వాత వరుసలు ఎగిరిపోతుంటే అది అలసట. సాయానికి హద్దు గీయాలి. పక్కనున్నవారు బోర్డు మీది మాటలను మెల్లగా చదివి వినిపించవచ్చు, నల్ల జెల్ పెన్నుతో ముద్దగా రాసిన నోటుబుక్కును సాయంత్రం ఇవ్వవచ్చు. జవాబు చెప్పడం, సంచి సర్దడం, చేయి పట్టి నడిపించడం పాప అడిగితేనే. ఒకే స్నేహితురాలి మీద భారం పడకుండా ఈ పనిని నెలనెలా మార్చాలి, ఏ సాయం కావాలో పాపే చెప్పాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల నుంచి వచ్చే ఐఈఆర్‌పీ అనే ప్రత్యేక టీచరు ఇదంతా ఒకసారి కుదిర్చిపెట్టగలరు గానీ రోజూ నడిపించవలసింది తరగతి ఉపాధ్యాయులే.

ఇక చట్టం మాట. 1992లో బ్యాంకాక్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన సమావేశం అల్పదృష్టిని, మిగిలిన చూపును పనికి వాడుకునే లేదా వాడుకోగలిగే స్థితిగా నిర్వచించింది. బరాగా చూపించినది అంతర్జాతీయ నిర్వచనంలోకి చేరింది అలాగే. మన 1995 నాటి వికలాంగుల చట్టం కూడా తగిన పరికరంతో చూపును వాడుకోగల వ్యక్తి అనే అన్నది. 2016 చట్టం వచ్చేసరికి ఆ వాక్యం పోయి 6/18 నుంచి 3/60 వరకు, లేదా దృష్టి క్షేత్రం 40 డిగ్రీల లోపు నుంచి 10 డిగ్రీల వరకు అన్న కొలతలు మిగిలాయి. ధ్రువీకరణకు అంకెలు అవసరమే. కానీ తరగతి గదిలో అడగవలసిన ‘ఈ బిడ్డ ఎలా చదువుతుంది’ అన్న ప్రశ్న స్థానంలోకి ‘సదరం సర్టిఫికెట్‌లో ఎంత శాతం’ అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది.

యాజమాన్యాలు 40 శాతం వైకల్యం చూపించమంటున్నది ఇక్కడే. ఉచిత పుస్తకాలు, పరికరాల హామీకి చట్టం ఆ 40 శాతాన్ని కొలబద్దగా పెట్టిన మాట నిజం. కానీ ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న బడులన్నీ బిడ్డ అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేసేలా చూడాలన్న 16వ సెక్షన్ అంత శాతం ఉండాలని అనలేదు. కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టడానికి, పలుకుతూ రాయడానికి ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్క్రైబు విషయంలోనూ ఈ తేడానే పట్టి చూపింది, ఆ సౌకర్యాన్ని 40 శాతం దాటినవారికే పరిమితం చేయడం చెల్లదంది.

స్క్రైబు హక్కే, అవసరమైన పిల్లలకు తప్పనిసరి కూడా. అయితే బడి అడిగేది అదొక్కటే కావడం మీద తల్లిదండ్రుల అభ్యంతరం న్యాయమైనది. కేంద్ర మార్గదర్శకాలు పెద్ద అక్షరాల ప్రశ్నపత్రాన్ని ఎంచుకోనిస్తాయి, గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వమంటాయి, అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. ఏడాదంతా భూతద్దంతో తన కళ్ళతో చదివి తన చేత్తో రాసిన పాపకు ఆ గంట చాలవచ్చు, పటంలో నదిని తనే గుర్తించవచ్చు. ఏది సరిపోతుందో పరీక్ష ముందు నెలలో తేల్చుకోలేరు. త్రైమాసిక పరీక్షలోనే రెండు పద్ధతులూ పెట్టి చూసి, పాప ఎంతసేపట్లో ఎన్ని ప్రశ్నలు పూర్తిచేసిందో రాసి ఉంచిన బడి దగ్గర మాత్రమే అందుకు ఆధారం ఉంటుంది.