డబ్బు తూర్పు బాల్కనీకా, సముద్రానికా?

"సార్, ఫ్లాట్ల ధరల మీద నా రిగ్రెషన్‌లో వీఐఎఫ్ ఐదు దాటింది. ఒక వేరియబుల్ తీసేయమంటున్నారు, ఏది తీసేయాలి?" అని విశాఖలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్న ఒకమ్మాయి అడిగింది. రిగ్రెషన్ అంటే ధరలో ఒక్కో కారణం వాటా ఎంతో అంచనా వేసే లెక్క. ఆ కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందుకు అంచనాలో ఎర్రర్ ఎంత ఉబ్బిందో చెప్పే అంకె వీఐఎఫ్, అది ఐదో పదో దాటితే ప్రమాదమని చాలామంది గీత గీస్తారు. ఏదీ తీయొద్దన్నాను. ఎందుకో చెప్పాలంటే బీచ్ రోడ్డుకి వెళ్లాలి.

మనకి సముద్రం తూర్పు వైపు ఉంది. అందుకని ఆ రోడ్డులో తూర్పు బాల్కనీ ఉన్న ఫ్లాట్‌కి మామూలుగా సముద్రం కూడా కనిపిస్తుంది. ఒకరు ఉదయపు ఎండ, వాస్తు అంటారు, ఇంకొకరు వ్యూ అంటారు, ఇద్దరూ ఎక్కువ డబ్బే పెడతారు. అందులో తూర్పు వాటా ఎంత? వాస్తు నిజమా కాదా అన్నది వేరే గొడవ. జనం దానికి డబ్బు కడితే అది ధరలో కనిపించాలి కదా.

లెక్క కోసం 200 ఫ్లాట్లు ఊహించుకుందాం. తూర్పు బాల్కనీ ఉన్నవి 100, లేనివి 100. తూర్పు వాటిలో 95కి సముద్రం కనిపిస్తుంది, 5కి ముందు ఇంకో అపార్ట్‌మెంట్ అడ్డం. తూర్పు కానివాటిలో 5కి మాత్రం పక్క నుంచి సముద్రం కనిపిస్తుంది. తూర్పు, సముద్రం అన్న ఈ రెండు కాలమ్‌ల మధ్య కోరిలేషన్ 0.9. వేరియబుల్స్ ఇలా ముడిపడి ఉండటమే మల్టీకొలినియారిటీ.

వీఐఎఫ్ కట్టడానికి ధర అక్కర్లేదు. తూర్పు కాలమ్‌ని మిగతా వేరియబుల్స్‌తో అంచనా వేసి, ఆ అంచనా తూర్పు తేడాలో ఎంత భాగాన్ని పట్టుకుందో చెప్పే R²ని, ఇక్కడ 0.9 వర్గం 0.81ని, ఇందులో పెడితే చాలు:

```
VIF = 1 / (1 - R²) = 1 / (1 - 0.81) = 5.26
```

ఇక్కడ చూడాల్సింది ఆ 0.19. తూర్పు కాలమ్‌లో సముద్రంతో ముడిపడని తేడా 19 శాతమే మిగిలింది. అది ఎక్కడి నుంచి వచ్చింది? ఆ పది ఫ్లాట్ల నుంచి. మిగతా 190 ఫ్లాట్లలో తూర్పూ సముద్రమూ కలిసే ఉన్నాయి, లేదా కలిసే లేవు. ఏది ఎంత అని అవి చెప్పలేవు. తీర్పంతా పది సాక్షుల మీద నడుస్తోంది. వాళ్లలో ఒక్కరు అవసరానికి తక్కువకి అమ్ముకున్నా జవాబు కదిలిపోతుంది.

ఇప్పుడు ధరలు. మోడల్ సముద్రానికి 13 లక్షలు, తూర్పుకి 7 లక్షలు ఇచ్చిందనుకుందాం. ఫ్లాట్ల మధ్య మోడల్‌కి అందని తేడా సుమారు 14 లక్షలైతే, ఒక్కో అంకెకి స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ అంకె మామూలుగా అటూ ఇటూ ఊగే మేర, దాదాపు 4.5 లక్షలు వస్తుంది. రెండిటికీ సంబంధం లేకపోతే అది దాదాపు 2 లక్షలే ఉండేది. 5.26కి వర్గమూలం 2.3, పెరుగుదల అంతే. అటూ ఇటూ రెండు ఎర్రర్ల దాకా తేడా మామూలే కాబట్టి తూర్పు వాటా సున్నా కావచ్చు, 16 లక్షలూ కావచ్చు.

కానీ రెండూ కలిపితే 20 లక్షలు, దాని ఎర్రర్ 2 లక్షలే. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది కాబట్టి మొత్తం స్థిరంగా ఉంటుంది. సముద్రం కనిపించే తూర్పు ఫ్లాట్ ధర చెప్పమంటే ఈ మోడల్ బాగానే చెబుతుంది, అక్కడ వీఐఎఫ్ గురించి టెన్షన్ వద్దు. మోడల్‌లో విస్తీర్ణం కూడా ఉండి, దానికి ఈ రెండిటితో సంబంధం లేకపోతే దాని అంకెకీ ఏమీ కాదు. వీళ్ల తగాదా వీళ్లదే. తూర్పు వాటా ఎంత అన్నదే ప్రశ్నైతే మాత్రం సమస్య నిజం. రేపు ఎదురుగా బిల్డింగ్ లేచి సముద్రం మూసుకుపోయిన ఫ్లాట్ ధర చెప్పాలన్నా అంతే.

మరి సముద్రం కాలమ్ తీసేస్తే? వీఐఎఫ్ 1కి దిగుతుంది, ఎర్రర్ 2 లక్షల దగ్గరికి వస్తుంది, రిపోర్టు చూడముచ్చటగా ఉంటుంది. తూర్పు విలువ మాత్రం 7 నుంచి 18.7 లక్షలకి ఎగబాకుతుంది, సముద్రం డబ్బులో తొంభై శాతం దాని ఖాతాలో పడింది కాబట్టి. వాస్తు సిద్ధాంతులకి పండగే. తప్పు జవాబుని ఇంత ధీమాగా చెప్పే పద్ధతిని క్లాసుల్లో ఇంకా పరిష్కారం అని నేర్పుతున్నారు.

ఐదు, పది అన్న గీతల్ని కొందరు రాహుకాలంలా పాటిస్తారు. వాటిని గుడ్డిగా వాడొద్దని సోషియాలజిస్ట్ రాబర్ట్ ఓబ్రయన్ 2007లోనే హెచ్చరించాడు. వీఐఎఫ్ ఎర్రర్‌ని పెంచే కారణాల్లో ఒకటే. ఫ్లాట్ల సంఖ్య, ధరల్లో మిగిలే గందరగోళం కూడా అంతే లెక్కకి వస్తాయి. వీఐఎఫ్ 20 ఉన్నా డేటా దండిగా ఉంటే ఎర్రర్ చిన్నదే కావచ్చు.

ఆ అమ్మాయికి చెప్పింది ఇదే: అలాంటి సాక్షులు ఇంకో ఇరవై మందిని వెతుకు. తూర్పుండి సముద్రం లేనివి పది, సముద్రముండి తూర్పు లేనివి పది. అప్పుడు వీఐఎఫ్ 2.1కి, ఎర్రర్ 2.75 లక్షలకి దిగుతాయి. ఇప్పుడున్న పోలికలోనే ఫ్లాట్లు చేర్చుకుంటూ పోతే అదే ఫలితానికి ఇంకో 345 కావాలి. ఒక జాగ్రత్త: సముద్రం మూసుకుపోయినవి ఎక్కువగా కింది అంతస్తులే అవుతాయి. అంతస్తు వల్ల వచ్చే ధర తేడా సముద్రం ఖాతాలో పడకుండా ఫ్లోర్ నంబర్ కూడా రాసుకోమన్నాను.