రోడ్డుకన్నా పల్లమైన ఇంటికి ఎంత పంపు కావాలి?

కొత్తగా తారు పోసిన ప్రతిసారీ రోడ్డు కాస్త ఎత్తవుతుంది, ఇంటి గడప మాత్రం ఉన్నచోటే ఉంటుంది. హైదరాబాద్ పాత కాలనీల్లో చాలా ఇళ్లు ఇలాగే పల్లంలో పడిపోయాయి. అలాంటి ఇంటికి వాన నీటిని చేర్చే గుంత, దాన్ని బయటకు తోడే పంపు కావాలి. మనం సంపు అనే తాగునీటి తొట్టి వేరు, ఈ గుంత వేరు. రెండూ దూరంగా ఉండాలి.

దుకాణంలో ముందుగా ఎన్ని హెచ్‌పీ అని అడుగుతారు. నిజానికి లెక్క నేల నుంచి మొదలవ్వాలి. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటుంది, కానీ అంత వానా ఒక్క గంటలోనే కురవవచ్చు. కనుక గంటకు 60 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇంటి ముందు ఖాళీ స్థలం 60 చదరపు మీటర్లయితే గంటకు 3,600 లీటర్లు, అంటే నిమిషానికి 60 లీటర్లు. 120 చదరపు మీటర్ల డాబా నీరు కూడా అక్కడే పడితే ఇది 180 అవుతుంది. అందుకే పంపు కొనేముందు డాబా గొట్టాన్ని నేరుగా బయటికి మళ్లించాలి. ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

అరవైకి రెట్టింపు, 120 లీటర్ల పంపు తీసుకుందాం. అయితే పెట్టె మీద రాసే గరిష్ఠ ప్రవాహం, గరిష్ఠ ఎత్తు ఒకేసారి దొరికేవి కావు. గరిష్ఠ ఎత్తు దగ్గర నీరు దాదాపు రాదు. గుంత అడుగు నుంచి, రోడ్డుపై నిలిచే నీటికి పైన ఉండే గొట్టం మూతి దాకా రెండున్నర మీటర్లనుకుంటే, మలుపులకు, వాల్వుకు మరో మీటరు కలపాలి. మొత్తం మూడున్నర, కాస్త మిగులుతో నాలుగు మీటర్ల ఎత్తుకు 120 లీటర్లు ఇస్తుందా అని పంపు పట్టికలో చూడాలి. బురదను తట్టుకునే మురుగునీటి సబ్‌మెర్సిబుల్ అయితే సాధారణంగా అర హెచ్‌పీ చాలు. మంచినీటి పంపు ఆకులు, మట్టి చుట్టుకుని బిగుసుకుపోతుంది.

గుంత చిన్నదైతే మోటారు మాటిమాటికీ ఆగి మొదలై వేడెక్కుతుంది. నీటిపై తేలే ఫ్లోటు స్విచ్ పంపును వేసే మట్టానికీ ఆపే మట్టానికీ మధ్య 150 లీటర్లు పట్టాలి. 75 సెంటీమీటర్ల చదరపు గుంతలో అది సుమారు 27 సెంటీమీటర్ల లోతు. అప్పుడు గంటకు పన్నెండుసార్లకు మించి మొదలవ్వదు.

రోడ్డు నీరే గేటు దాటి లోపలికి వస్తే ఈ లెక్క చెల్లదు. తోడిన నీరే తిరిగి వస్తుంది. గేటు దగ్గర ఎత్తయిన గట్టు కట్టాకే పంపు పనికొస్తుంది. కరెంటు పోయే వేళ కూడా వాన వేళే కాబట్టి, ఈ పంపును నడపగల ఇన్వర్టర్ ఉండాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ తప్పనిసరి.

మే నెలలో జాలీ కడిగి, అడుగు బురద తీసి, గుంతను నీటితో నింపి గడియారం పట్టుకోండి. నీరు 27 సెంటీమీటర్లు దిగడానికి 75 సెకన్లు పడితే పంపు బాగున్నట్టే. వంద పడితే నిమిషానికి 90 లీటర్లే వస్తున్నాయి. అప్పుడు ముందు గొట్టంలో పూడికను, తర్వాత పంపు చక్రం అరుగుదలను చూడాలి. పంపు ఆగిన వెంటనే గుంతలో నీరు పైకి లేస్తే, వెనక్కి రానివ్వని వాల్వు సరిగా మూసుకోవడం లేదన్నమాట. మోటారు గుర్రుమంటూ నీరు కదలకపోతే ప్లగ్గు తీసేయండి: చక్రంలో ఏదో ఇరుక్కుంది, లేదా కెపాసిటర్ పోయింది.